పెళ్లిరోజు పోస్టులో ప్రేమ, గోప్యత

పెళ్లిరోజు నాడు భార్యనో భర్తనో ఉద్దేశించి ఫేస్‌బుక్‌లో రాసే నాలుగు వాక్యాలు చూడటానికి ఒక్కరికే రాసిన ఉత్తరంలా ఉన్నా, వాటిని అత్తమామలు, పై అధికారి, చిన్ననాటి స్నేహితులు ఒకేసారి చదువుతారు. ఒక్కొక్కరితో ఒక్కో తీరున మాట్లాడే మనిషి అందరికీ కలిపి ఒకే మాట చెప్పవలసి రావడాన్ని ఆలిస్ మార్విక్, డానా బాయిడ్ 2011 నాటి తమ వ్యాసంలో విశ్లేషించారు. ఎదుటివారిని బట్టి మారవలసిన సందర్భాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కనుక దీనిని సందర్భాల కుదింపు అనవచ్చు.

దంపతుల విషయంలో ఈ చిక్కు మరింత లోతైనది. అమెరికన్ పరిశోధకురాలు సాండ్రా పెట్రోనియో 2002లో వెలువరించిన గ్రంథంలో గోప్యతను ఒక ఆస్తిలా వివరించారు. ఒక రహస్యాన్ని ఎవరితోనైనా పంచుకున్న క్షణం నుంచి వారు కూడా దానికి సహ యజమానులవుతారని, దానిని ఇంకెవరికి చెప్పవచ్చో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోకపోతే హద్దుల దగ్గర అలజడి మొదలవుతుందని ఆమె సిద్ధాంతం చెబుతుంది.

ఉదాహరణకు ఒక భర్త, “నా ఉద్యోగం పోయినప్పుడు నీ నగలు తాకట్టు పెట్టి ఇల్లు నడిపావు” అని రాశాడని అనుకుంటే, ఆ వాక్యంలోని కృతజ్ఞత నిజమైనదే. అయితే ఉద్యోగం పోయిన సంగతి అతనిదైనా నగల సంగతి ఆమెది. కూతురి నగలు తాకట్టులో ఉన్నాయని ఆమె తల్లిదండ్రులకు ఆ పోస్టు ద్వారానే మొదటిసారి తెలియవచ్చు. దీనికి భయపడి “నువ్వే నా ప్రపంచం” అని రాస్తే రహస్యం దాగుతుంది గానీ ఆ మాట ఏ భార్యకైనా సరిపోతుంది కనుక ఆమె అందులో కనబడదు. “ఆ గడ్డు ఏడాదిలో ఎంత ఆలస్యమైనా నేను వచ్చేదాకా అన్నం తినకుండా ఎదురుచూసేదానివి” అన్న వాక్యం ఈ రెండు లోపాలనూ దాటుతుంది. ప్రేమను నమ్మించేది ఆ మనిషికే చెందిన వివరం. ఆ వివరం రహస్యమే కానక్కరలేదు.

జువోన్ లీ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనాలలో, ఆన్‌లైన్‌లో సొంత విషయాలు ఎక్కువగా వెల్లడించడానికీ ప్రేమబంధంలో సాన్నిహిత్యం, తృప్తి తగ్గడానికీ సంబంధం కనబడింది. అయితే ఆ వెల్లడిలో జీవిత భాగస్వామిని కూడా కలుపుకున్నప్పుడు ఆ ప్రతికూల ప్రభావం తగ్గింది. కాబట్టి భాగస్వామిని కలుపుకునే పెళ్లిరోజు పోస్టు తప్పకుండా బంధానికి చేటు చేస్తుందని భయపడనక్కరలేదు.

పోస్టు చేసే ముందు భాగస్వామికి చూపించడం అన్నిటికన్నా మేలైన పద్ధతి. “నీ ఇష్టం” అన్న సమాధానం చాలా ఇళ్లలో అంగీకారం కాదు కనుక, ఏ వాక్యం దగ్గర ముఖం మారిందో ఆ వాక్యాన్ని తీసేయడం మంచిది. భాగస్వామి మనస్ఫూర్తిగా ఒప్పుకున్నా, ప్రస్తావన పిల్లల అనారోగ్యం గురించో అత్తింటి అప్పుల గురించో అయితే సహ యజమానులు ఇద్దరే కారు కనుక మిగతావారి సమ్మతి కూడా అడగవలసిందే.