పెదనాన్నకు నమస్కారం, పక్క బెంచీకి హాయ్

కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తుంది. ఎత్తి "హలో" అంటాం. గొంతు పోల్చుకోలేక "ఎవరండీ?" అని అడుగుతాం. "నేనమ్మా, రాజమండ్రి పెదనాన్నని, నంబరు మార్చాను" అని వినిపించగానే మన గొంతులో తేడా వచ్చేస్తుంది. "నమస్కారం పెదనాన్నా, బాగున్నారా? పెద్దమ్మ ఎలా ఉంది?" అంటాం. అవతల ఉన్నది మన క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయి అయితే "ఒసేయ్, నువ్వా! చెప్పవే" అంటాం. రెండు ఫోన్లకూ ముందు పలికింది హలోనే. మాట్లాడేది ఎవరో తెలిసిన క్షణాన దాని పని అయిపోయింది.

తెలుగులో హలోకి కుదిరిన చోటు ఇదే. టెలిఫోన్ కొత్తగా వచ్చిన రోజుల్లో, 1877లో, అవతలివాళ్ళను పిలవడానికి ఈ మాట పనికొస్తుందని సూచించినవాడు ఎడిసన్. గ్రాహం బెల్ మాత్రం 'అహోయ్' అనడానికే ఇష్టపడ్డాడు. కంటికి కనపడని మనిషిని పిలిచే మాటగానే హలో మన ఇళ్ళలోకీ వచ్చింది, ఇప్పటికీ అలాగే ఉంది. ఎదురుగా నిలబడ్డ మనిషితో ఉత్త హలో అంటే దానికి వేరే రంగు వస్తుంది. టికెట్ల దగ్గర మధ్యలో దూరినవాణ్ణి "హలో, లైను ఇక్కడ!" అని ఆపుతాం కదా, ఆ రంగు. గుమ్మంలోకి వచ్చిన బాబాయిని చూసి సెల్లులోంచి తలెత్తకుండా "హలో" అని ఊరుకుంటే ఆయనకు వినపడేది అదే. తిట్టరు. "మీ నాన్న ఉన్నాడా?" అని అడిగి లోపలికి వెళ్ళిపోతారు. మామూలుగా అయితే "ఏరా, పరీక్షలెలా రాశావు?" అని అక్కడే ఆగవలసిన మనిషి ఆగకుండా వెళ్ళాడంటే ఆ పలకరింపు సరిగ్గా అందలేదన్నమాట.

అదే కుర్రాడు "హలో బాబాయ్, రండి రండి, ఇప్పుడేనా రావడం?" అని లేచి ఉంటే ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. ఇంగ్లీషు మాట వాడాడన్నది అక్కడ లెక్కలోకే రాదు. మన పలకరింపులో గౌరవం మొదటి మాటలో కన్నా దాని వెనకాల వచ్చేవాటిలోనే ఎక్కువగా ఉంటుంది. వరస పెట్టి పిలవడం, 'అండీ' చేర్చడం, 'రండి', 'కూర్చోండి' అనడం, కూర్చున్నవాళ్ళు లేవడం, ఇవన్నీ కలిస్తేనే పెద్దవాళ్ళకు అది పలకరింపు. ఆరేళ్ళ పిల్ల వీడియో కాల్‌లో "హాయ్ తాతయ్యా!" అని అరిస్తే ఆ తాతయ్య మురిసిపోయేది హాయ్‌కి కాదు, తాతయ్యా అన్నందుకు. చేతులు జోడించి మరీ "నమస్కారం" అని, వరస కలపకుండా ఊరుకున్నవాణ్ణి మాత్రం "ఎవరబ్బాయివి నువ్వు?" అని అడుగుతారు. నన్నడిగితే నమస్కారం మర్చిపోయినా ఫర్వాలేదు గానీ, వరస మర్చిపోకూడదు.

ఇంతకీ నమస్కారం ఎవరికి? ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం పొద్దున్నే లేచి అమ్మకు నమస్కారం అని పలకరించం. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మను చూస్తే "ఎప్పుడొచ్చావమ్మమ్మా?" అని మీద పడతాం. మనం 'నువ్వు' అనే పెద్దవాళ్ళకు ఆ ప్రశ్నే పలకరింపు. వాళ్ళతో నమస్కారం అంటే దూరం జరిగినట్టుంటుంది, పండగకో పెళ్ళికో కాళ్ళకు దండం పెట్టే సందర్భం వేరు. 'మీరు' అనే పెద్దవాళ్ళకు, ఏడాదికోసారి కనపడేవాళ్ళకు, ముఖ్యంగా వియ్యాలవారి వైపు వాళ్ళకు నోరారా నమస్కారం చెప్పాలి. ఎవరిని మీరు అనాలి, ఎవరిని నువ్వు అనాలి అన్నది ఇంటింటికీ మారుతుంది. కొన్ని ఇళ్ళలో తండ్రిని మీరు అంటారు, తెలంగాణ పల్లెల్లో నాయినను నువ్వు అనడం చాలా ఇళ్ళలో మామూలే, అందులో తక్కువ చేయడమేమీ లేదు. అక్కడ నమస్కారం కన్నా నమస్తే ఎక్కువగా వినపడుతుంది, పెద్దలకు దండం, శనార్తి అనడమూ ఉంది. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో వందనాలు అంటారు, ముస్లింల ఇళ్ళలో సలాం చెబుతారు. అలాంటి ఇంటికి చుట్టమై వెళ్ళినప్పుడు ఆ ఇంటి మాటతోనే పలకరిస్తే వాళ్ళకూ సంతోషం.

పెద్దవాళ్ళకు పెట్టిన నమస్కారం చాలాసార్లు నమస్కారంగా తిరిగి రాదు. "చల్లగా ఉండు నాయనా" అనో, "నూరేళ్ళు వర్ధిల్లు" అనో దీవెనగా వస్తుంది. పాత ఉత్తరాల్లోనూ ఇంతే. చిన్నవాళ్ళు నమస్కారములు అని మొదలుపెట్టేవారు, పెద్దవాళ్ళు ఆశీర్వదించి రాసేవారు. క్లాస్‌మేట్‌తో కుదరనిది ఈ ఎత్తుపల్లమే. దీవించడానికి అక్కడ పెద్ద ఎవరూ లేరు. హాయ్ ఎలా వెళ్తుందో అలాగే తిరిగి వస్తుంది, అందుకే అది కాలేజీలో అంత తేలిగ్గా అతుక్కుంది. రోజూ "ఏరా మామా" అనే స్నేహితుడు ఓ పొద్దున "నమస్కారమండీ" అన్నాడంటే నిన్న ఏదో మాట పట్టింపు వచ్చిందని మనకు వెంటనే తెలుస్తుంది. కొత్తగా చేరిన వారం మాత్రం వేరు. పరిచయం లేనివాళ్ళతో "హాయ్ అండీ, మీరే బ్రాంచి?" అంటారు. నెల తిరక్కుండా అండీ పోతుంది, మీరు పోయి నువ్వు వస్తుంది, ఆ తర్వాత హాయ్ కూడా అక్కర్లేకుండా పేరుతోనో 'ఒరే'తోనో పని జరిగిపోతుంది.

చిక్కు వచ్చేది ఒకే మనిషి రెండు వైపులా ఉన్నప్పుడు. ఇద్దరు కుర్రాళ్ళు ఇంజనీరింగ్‌లో ఒకే సెక్షన్ అనుకోండి. ఒకడు రెండోవాడి అమ్మకు పినతండ్రి కొడుకు, అంటే వరసకు మేనమామ. క్యాంటీన్‌లో ఇద్దరూ ఒరే అంటే ఒరే. ఇంట్లో పెళ్ళికి ఇద్దరూ ఒకే పందిట్లో కలిశారు, చుట్టూ తాతలూ అత్తయ్యలూ ఉన్నారు. అక్కడ "ఒరే" అంటే మేనల్లుడికి అమ్మ చీవాట్లు తప్పవు. "నమస్కారం మామయ్యగారూ" అంటే ఆ మామయ్యే నవ్వు ఆపుకోలేడు. "హాయ్ మామయ్యా, ఎప్పుడొచ్చావ్?" అంటే చాలు. హాయ్ స్నేహానికి, మామయ్యా అన్నది పెద్దల చెవికి, నువ్వు అన్నది ఇద్దరి ఈడుకు సరిపోయాయి. ఆ మామయ్య పక్కన ఆయన తండ్రి కూర్చుని ఉంటే ముందు అటు తిరిగి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని "నమస్కారం తాతయ్యా" అన్నాకే స్నేహితుడి వైపు తిరగాలి. క్రమం తప్పి స్నేహితుణ్ణి ముందు పలకరిస్తే తాతయ్యకు పెట్టిన నమస్కారం మొక్కుబడిగా కనిపిస్తుంది.

ఒక్క చోట ఈ మూడు మాటలూ పనికిరావు. చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్ళినప్పుడు ఎంత పెద్దవాళ్ళున్నా చాలామంది నమస్కారం చెప్పరు, మైలలో ఉన్నవాళ్ళు దీవించరు కనుక. హలో, హాయ్ మాట చెప్పనే అక్కర్లేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి పక్కన కూర్చుంటారు, "ఎప్పటి నుంచి బాగోలేదు?" అని మెల్లగా అడుగుతారు. లేచేటప్పుడు "వెళ్ళొస్తాను" అని కూడా అనరు. క్లాస్‌మేట్ ఇంట్లో అలా జరిగి, మొదటిసారి పరామర్శకు వెళ్తున్న పిల్లలకు ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్ళు ముందే చెప్పి పంపాలి. అలవాటు కొద్దీ ఫ్రెండ్ కనపడగానే "హాయ్ రా" అని నోట్లోంచి వచ్చేస్తుంది, అప్పుడు వాళ్ళకే ప్రాణం చివుక్కుమంటుంది.