కాలర్‌కు ఏ బక్రం?

కొత్త కాటన్ చొక్కా రెండు ఉతుకులకే కాలర్ మీద బుడగలు లేపిందంటే, లోపలి బక్రం గుడ్డను వదిలేస్తోందన్నమాట. అతికించే బక్రానికి ఒకవైపు జిగురు చుక్కలుంటాయి. ఇస్త్రీ పెట్టెను అటూ ఇటూ జరిపితే అవి సరిగా కరగవు. ఒక్కోచోట పది పదిహేను సెకన్లు అదిమి ఉంచి, ఎత్తి పక్కన పెట్టాలి. పూర్తిగా చల్లారేదాకా కదపకూడదు. గుడ్డను ముందే తడిపి ఆరేయకపోతే అది తర్వాత కుంచించుకుపోతుంది, బక్రం కుంచించుకోదు. అలా కూడా బుడగలొస్తాయి.

వెల్వెట్, పల్చని పట్టు లాంటివాటికి వేడి, జిగురు పడవు. వాటికి కుట్టి బిగించే రకమే మేలు.

మందం ఎంచుకోవడానికి బక్రాన్ని గుడ్డ కింద పెట్టి, రెండూ కలిపి మడిచి చూడండి. కాలర్‌కైతే మడత గుండ్రంగా తిరగాలి. విరిగినట్టు గీత పడితే బక్రం ఎక్కువ మందమే. పల్చని వాయిల్‌కు తేలికది చాలు. నడుం పట్టీకి మాత్రం కాస్త గట్టిది కావాలి, పొడవునా లాగినా సాగకూడదు. లేకపోతే కూర్చున్నప్పుడు పట్టీ మడతపడి కిందికి చుట్టుకుంటుంది.