గుండ్రటి పిల్లర్‌కు చదరపు లెక్క

మా మేనత్త కొడుకు ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్నాడు. ముందు పోర్టికోకు నాలుగు గుండ్రటి పిల్లర్లు వేయించాడు. స్లాబు పడిన వారానికి మేస్త్రి ఇచ్చిన బిల్లు పట్టుకొచ్చి, "బావా, ఈ పిల్లర్ల లెక్క ఒకసారి చూడు, ఎందుకో ఎక్కువనిపిస్తోంది" అన్నాడు. కాగితం మీద రెండే అంకెలున్నాయి. కాంక్రీటు 94.5 ఘనపుటడుగులు, సెంట్రింగ్ 252 చదరపు అడుగులు. గుణకారంలో తప్పేమీ లేదు. ఏది కొలిచి గుణించాడన్న దగ్గరే తేడా వచ్చింది.

పిల్లర్ల అడ్డుకొలత 18 అంగుళాలు, అంటే అడుగున్నర. మేస్త్రి దాన్ని అడుగున్నర పలకల పిల్లర్‌గా తీసుకున్నాడు. నేల నుంచి స్లాబు పైదాకా పదిన్నర అడుగుల ఎత్తు వేశాడు. అడుగున్నరను అడుగున్నరతో, దాన్ని పదిన్నరతో, మళ్లీ నాలుగుతో గుణిస్తే 94.5 వస్తుంది. నాలుగు పక్కలూ కలిపి ఆరడుగులు గనుక, పదిన్నరతోనూ నాలుగుతోనూ గుణిస్తే సెంట్రింగ్ 252. అడిగితే, "గుండ్రటిదైనా పలకల లెక్కే వేస్తామండి, ఇక్కడ అందరూ అంతే" అన్నాడు. ఆయన మోసగాడు కాడు, చేతిపని చక్కగా తెలిసిన మనిషి. కానీ ఆ అలవాటు వల్ల ఇంటివాడు లేని కాంక్రీటుకు డబ్బు కడతాడు.

అడుగున్నర పలక గీసి, దాని నాలుగు అంచులనూ తాకేలా లోపల ఒక వృత్తం గీయండి. నాలుగు మూలలు బయట మిగిలిపోతాయి. పలక వైశాల్యం వంద అనుకుంటే వృత్తానిది 78.5. కాబట్టి అడ్డుకొలతను అడ్డుకొలతతో గుణించి, దాన్ని 0.785తో గుణిస్తే పిల్లర్ కోత వైశాల్యం తెలుస్తుంది. మన పిల్లర్‌కు 2.25 ను 0.785తో గుణిస్తే సుమారు 1.767 చదరపు అడుగులు. దీన్ని ఎత్తుతో గుణిస్తే కాంక్రీటు.

సెంట్రింగ్ అంటే పచ్చి కాంక్రీటును తాకే రేకు విస్తీర్ణం. గుండ్రటి పిల్లర్‌కు తొడిగిన రేకును విప్పి నేల మీద పరిస్తే ఒక పొడుగాటి పలక అవుతుంది. దాని వెడల్పు పిల్లర్ చుట్టుకొలత, పొడవు పిల్లర్ ఎత్తు. అడుగున్నరను 3.1416తో గుణిస్తే చుట్టుకొలత 4.71 అడుగులు. అదే పలకల పిల్లర్‌కైతే ఆరడుగులు. ఆరింటిలో 4.71 అంటే మళ్లీ నూటికి 78.5 పాళ్లే. పలకకూ దాని లోపల ఇమిడే వృత్తానికీ వైశాల్యంలో ఎంత తేడా ఉందో చుట్టుకొలతలోనూ అంతే తేడా ఉంటుంది. అందుకే పలకల లెక్క వేసిన బిల్లులో కాంక్రీటూ సెంట్రింగూ రెండూ ఒకే పాళ్లలో, నూటికి 27 చొప్పున పెరుగుతాయి. రెండూ కలిసి పెరిగేసరికి, ఒకదానితో ఒకటి పోల్చి చూసినా తప్పు బయటపడదు.

ఇక ఎత్తు. నేల నుంచి స్లాబు పైకి పదిన్నర అడుగులన్నది నిజమే. అయితే పిల్లర్ల మీదుగా వెళ్లే దూలం లోతు, స్లాబు మందంతో కలిపి, అడుగున్నర. మేస్త్రి అదే బిల్లులో దూలాలను పిల్లర్ల మీదుగా ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలిచాడు. అంటే పిల్లరూ దూలమూ కలిసే ముడి దూలం లెక్కలోకి ఒకసారి వచ్చేసింది. పిల్లర్‌ను స్లాబు పైదాకా కొలిస్తే అదే ముడి రెండోసారి వస్తుంది. దూలాలను పిల్లర్ల మధ్య ఖాళీ మేరకే కొలిచి ఉంటే, పిల్లర్‌ను పైదాకా తీసుకోవడం న్యాయమే. ఏ పద్ధతైనా సరే, ముడి ఒక్కసారే రావాలి. ఈ ఇంట్లో దూలం కిందిదాకా తొమ్మిది అడుగులే పిల్లర్ ఎత్తు.

ఇక్కడ మేస్త్రికి రావలసింది కూడా ఒకటుంది. దూలం వెడల్పు తొమ్మిది అంగుళాలు, పిల్లర్ పద్దెనిమిది. దూలానికి అటూ ఇటూ అర్ధచంద్రాకారంలో పిల్లర్ ముక్కలు స్లాబు కింద మిగులుతాయి. ఒక్కో పిల్లర్‌కు ఒక ఘనపుటడుగు లోపే ఉంటాయి గానీ, పోసిన కాంక్రీటు పోసినట్టే. వాటిని విడిగా రాసి ఇవ్వడం ధర్మం. అలాగే నేల కింద పిల్లర్‌ను చాలాచోట్ల పలకగానే పోస్తారు. ఆ భాగానికి పలకల లెక్కే సరైనది, గుండ్రటి లెక్కలో కలపకూడదు.

తొమ్మిది అడుగుల ఎత్తుకు ఒక్కో పిల్లర్ కాంక్రీటు 15.9 ఘనపుటడుగులు. నాలుగింటికీ 63.6, అంటే 1.8 ఘనపు మీటర్లు. సెంట్రింగ్ ఒక్కోదానికి 42.4 చదరపు అడుగులు, నాలుగింటికీ 169.6. బిల్లులో కాంక్రీటు దాదాపు 31 ఘనపుటడుగులు, సెంట్రింగ్ 82 చదరపు అడుగులు ఎక్కువ పడ్డాయి. ఉన్నదాని మీద దాదాపు సగం అదనం. అందులో సగానికి పైగా ఆకారం వల్ల, మిగతాది ఎత్తు వల్ల.

కాగితం లెక్కను సిమెంటు బస్తాలతోనూ సరిచూశాం. ఎం20 మిశ్రమానికి ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. ఇసుకా సిమెంటూ వెళ్లి కంకర సందుల్లో కూర్చుంటాయి గనుక, ఒక ఘనపు మీటరు కాంక్రీటుకు పొడి సరుకు సుమారు 1.54 ఘనపు మీటర్లు కావాలి. ఆ లెక్కన ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాలు పడతాయి. 1.8 ఘనపు మీటర్లకు పధ్నాలుగున్నర, పదిహేను అనుకోండి. మేస్త్రి బిల్లు నిజమైతే ఇరవై రెండు దాకా ఖర్చయి ఉండాలి. సిమెంటు ఇంటివాడిదే గనుక చిట్టా అతని దగ్గరే ఉంది. పిల్లర్లు పోసిన రోజుల్లో తీసినవి పదిహేను బస్తాలు. చిట్టా చూపించాక మేస్త్రి వాదించలేదు.

అయితే ఒక మాట అన్నాడు. "గుండ్రటి పనికి కష్టం ఎక్కువండి, అందుకే అలా వేస్తాం." కష్టం ఎక్కువన్నది నిజం. రెండు సగాలుగా వంచిన రేకు అచ్చు చేయించాలి, లేదా అద్దెకు తేవాలి. బోల్టులు బిగించాలి, తూకం చూడాలి. ఆ కష్టానికి ధర ఎక్కువ అడగాలి, ఇంటివాళ్లు ఇవ్వాలి కూడా. చదరపు అడుగు రేటును పెంచి అడిగితే ఎంత పెంచాడో ఇద్దరికీ తెలుస్తుంది. కొలతను పెంచితే ఒక్కడికే తెలుస్తుంది.

ఇంటివాళ్లు కొందరు దీనికి ఎదురు తప్పు చేస్తారు. పిల్లర్ అచ్చును మర్నాడే విప్పవచ్చు. నిలువు సెంట్రింగ్‌ను 16 నుంచి 24 గంటలు ఉంచితే చాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. అందుకని ఒక్క అచ్చుతోనే నాలుగు రోజుల్లో నాలుగు పిల్లర్లూ పోస్తారు. "రేకు 42 అడుగులదే కదా, నాలుగింతలు ఎందుకివ్వాలి?" అని అడగడం సరికాదు. తాకిన విస్తీర్ణాన్ని ప్రతి పోతకూ కొలవడమే పద్ధతి. అచ్చు మళ్లీ మళ్లీ పనికొస్తుందన్న సంగతి చూసుకునే రేటు కుదురుతుంది.

పోసిన పిల్లర్ అడ్డుకొలతను ఎదురుగా టేపు పట్టి కొలిస్తే ఎప్పుడూ తప్పే వస్తుంది. సరిగ్గా మధ్యను పట్టుకోవడం కుదరదు. టేపును చుట్టూ తిప్పి చుట్టుకొలత తీసుకోవాలి. మన పిల్లర్‌కు నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు రావాలి. దాన్ని ఎత్తుతో గుణిస్తే సెంట్రింగ్ నేరుగా వచ్చేస్తుంది. 3.14తో భాగిస్తే అడ్డుకొలత. సెంట్రింగ్ విస్తీర్ణాన్ని అడ్డుకొలతలో నాలుగో వంతుతో గుణిస్తే కాంక్రీటు: 42.4 ను 0.375తో గుణించండి, 15.9. చుట్టుకొలతలో సగాన్ని అడ్డుకొలతలో సగంతో గుణిస్తే వృత్త వైశాల్యం వస్తుందని ఆర్యభటుడు చెప్పిన సూత్రమే ఇది. బిల్లులోని రెండు అంకెలూ ఈ పొత్తుకు కుదరకపోతే ఒకటి తప్పని తెలుసుకోవచ్చు. కానీ కుదిరినంత మాత్రాన రెండూ ఒప్పని కాదు. పలకల లెక్కలోనూ ఇదే పొత్తు కుదురుతుంది. అందుకే ముందు టేపు తిప్పాలి.

టేపును ఒక్కచోట కాదు, అడుగున, నడుమ, పైన మూడుచోట్ల తిప్పండి. పచ్చి కాంక్రీటు నీళ్లలాగే పక్కలకు తోస్తుంది. తొమ్మిది అడుగులూ ఒకే ఊపున నింపితే, అడుగున చదరపు మీటరుకు ఆరున్నర టన్నుల ఒత్తిడి ఉంటుంది. గుండ్రటి రేకు ఆ ఒత్తిడిని చుట్టూ లాగుడుగా మార్చుకుని మోస్తుంది. అందుకే దానికి పలకల పెట్టెకు కట్టినన్ని అడ్డపట్టీలు అక్కర్లేదు. కానీ ఆ లాగుడంతా రెండు సగాలు కలిసే అతుకుల మీద పడుతుంది. ఈ పిల్లర్‌కు అడుగుభాగంలో ఒక్కో అతుకు మీద, అడుగు ఎత్తుకు, 400 కిలోలకు పైనే లాగుతుంది. కింది బోల్టులు వదులైతే అతుకు తెరుచుకుని సిమెంటు పాలు కారిపోతుంది, అక్కడ తేనెపట్టులా గుల్ల మిగులుతుంది. అడుగున చుట్టుకొలత ఒక అంగుళం ఎక్కువ వచ్చి, నిలువునా గీతలా గరుకు కనిపిస్తే జరిగింది ఇదే. ఆ ఉబ్బుకు బిల్లు కట్టక్కర్లేదు, ప్లానులోని కొలతకే కట్టాలి. గుల్లను మాత్రం ఇంజనీరుకు చూపించకుండా పూత పెట్టనివ్వకండి.

పూత పెట్టాక కొలిస్తే ఈ లెక్కంతా చెడుతుంది. చుట్టూ అర అంగుళం ప్లాస్టరింగ్ ఎక్కితే పద్దెనిమిది అంగుళాల పిల్లర్ పంతొమ్మిది అవుతుంది. అడ్డుకొలత తనను తాను గుణించుకుంటుంది గనుక కాంక్రీటు నూటికి 11 పాళ్లు పెరిగినట్టు కనిపిస్తుంది. మన నాలుగు పిల్లర్లకు అది ఏడు ఘనపుటడుగుల పైమాటే. కాబట్టి అచ్చు విప్పిన రోజే, మేస్త్రి పక్కనుండగా, మూడుచోట్ల టేపు తిప్పి చుట్టుకొలతనూ దూలం కిందిదాకా ఎత్తునూ ఒక పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.