ఆ ఫొటోలో ఉన్న బండి మీదేనా?

హనుమకొండలో ఒక బడిపంతులు ఉన్నారనుకుందాం. ఆయన స్కూటర్ ఇల్లు, బడి, బజారు తప్ప మరో దారి ఎరగదు. ఒక సాయంత్రం ఆయన ఫోనుకు మెసేజ్ వస్తుంది. కూకట్‌పల్లిలో హెల్మెట్ లేకుండా బండి నడిపినందుకు ఈ-చలాన్ పడిందని, ఇంత జరిమానా కట్టాలని అందులో ఉంటుంది. బండి నంబరు ఆయనదే. ఆ రోజు మాత్రం స్కూటర్ బడి ఆవరణలోనే ఉంది. జరిమానా చిన్న మొత్తమే కాబట్టి ‘పోనీలే, కట్టేస్తే గొడవ వదులుతుంది’ అని ఇంట్లోవాళ్లు అంటారు.

ఇలాంటి సందర్భంలో కట్టకూడదు. చలాన్ కోర్టు తీర్పు కాదు, ఫలానా నంబరు బండి ఫలానా తప్పు చేసిందన్న ఆరోపణ. జరిమానా కట్టడమంటే మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ కింద రాజీ చేసుకోవడం. దాంతో ఆ కేసు అక్కడికి ముగుస్తుంది, ఇక ఆ ఫొటోను తెరిచి చూసేవారెవరూ ఉండరు. పంతులుగారి నంబరు తగిలించుకుని ఇంకెవరో తిరుగుతున్నట్టయితే ఆ బండి మాత్రం రోడ్డు మీదే ఉంటుంది. రేపు అది ఎవరినైనా గుద్ది పారిపోతే పోలీసులు ముందు వచ్చేది పంతులుగారి గుమ్మానికే.

పొరపాటు ఎక్కడ జరుగుతుందో తెలియాలంటే చలాన్ ఎలా పుడుతుందో చూడాలి. కూడలిలో నిలబడ్డ ట్రాఫిక్ పోలీసు చేతి కెమెరాతో బండిని ఫొటో తీస్తారు. తర్వాత ఆ ఫొటోలోని నంబరును సిబ్బంది చదివి కంప్యూటర్లో ఎక్కిస్తారు. మరికొన్ని చోట్ల స్తంభాలకు బిగించిన కెమెరాలే నంబరు ప్లేటును చదువుకుంటాయి. రెండు పద్ధతుల్లోనూ ఆ నంబరును పట్టుకుని రవాణా శాఖ రికార్డులో యజమాని పేరు, ఫోను నంబరు వెతుకుతారు. బండి మీద ఉన్నదెవరో ఎవరూ చూడరు, అంతా నంబరు మీదే నడుస్తుంది. ప్లేటు మీద మట్టి అంటి 8 కాస్తా 3లా కనబడినా, ఎవరైనా కావాలని ఒక అంకె చెరిపేసినా చలాన్ ఇంకొకరి ఇంటికి వెళ్తుంది.

అయితే ఫొటో కన్నా ముందు చూడాల్సింది ఆ మెసేజ్ అసలుదో నకిలీదో. ఈ-చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు పంపి, వాటిని ఫోన్లో ఎక్కించుకున్నవారి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే ముఠాలు ఉన్నాయి. పోలీసులు చలాన్‌ను ఏపీకే ఫైలుగా పంపరు. కేంద్ర రవాణా శాఖ అసలు పోర్టల్ చిరునామా echallan.parivahan.gov.in. మోసగాళ్లు ఒకసారి ఇందులో gov అనే ముక్క తీసేసి, echallan.parivahan.in అని అచ్చం అలాగే కనిపించే లింకు పంపారు. మెసేజ్‌లోని లింకును నొక్కకుండా చిరునామాను స్వయంగా టైపు చేసుకుంటే ఈ బెడద ఉండదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

కేంద్ర పోర్టల్లో చలాన్ నంబరుతోగానీ, బండి నంబరుతోగానీ, లైసెన్సు నంబరుతోగానీ వెతకవచ్చు. బండి నంబరుతో వెతికితే ఛాసిస్ లేదా ఇంజన్ నంబరులోని చివరి అంకెలు కూడా అడుగుతుంది. అవి ఆర్సీ మీద ఉంటాయి. తెలంగాణ పోలీసులకు సొంత ఈ-చలాన్ పోర్టల్ ఉంది. అందులో ఒక్కో చలాన్ ఒక్కో వరుసగా కనిపిస్తుంది: తేదీ, సమయం, ఉల్లంఘన జరిగిన చోటు, ఏ పోలీసు స్టేషన్ పరిధి, ఏ తప్పు, జరిమానా, దాని పక్కన 35 రూపాయల యూజర్ చార్జీ, చివరన ఫొటో. చాలామంది మొత్తం చూసి ఆగిపోతారు. నిజానికి అక్కరకొచ్చేవి ఫొటో, సమయం, స్టేషన్ పరిధి.

పంతులుగారు ఫొటో తెరిచారు. ముందుగా దాన్ని, పేజీ మొత్తాన్ని ఫోనులో దాచుకున్నారు. తర్వాత దాన్ని పెద్దది చేసి తన బండితో ఒక్కో భాగమూ పోల్చారు. ఫొటోలోనిది కూడా బూడిద రంగు స్కూటరే. కానీ వెనక లైటు ఆకారం వేరు. పంతులుగారి బండికి వెనక సీటు పక్కన పట్టుకునే ఇనుప కడ్డీ ఉంది, ఫొటోలో దానికి లేదు. నంబరు ప్లేటు దగ్గర ఇంకో తేడా కనిపించింది. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. దాని మీద అశోక చక్రం హోలోగ్రాం, నీలి రంగులో IND అక్షరాలు, లేజర్‌తో చెక్కిన నంబరు ఉంటాయి. ఆయన బండి ఆ తేదీ తర్వాత కొన్నది కాబట్టి ఆ ప్లేటే ఉంది. ఫొటోలో ఉన్నది మామూలు పెయింటు ప్లేటు.

ఈ మూడు తేడాలు ‘నేను ఆ రోజు హైదరాబాద్ రాలేదు’ అనే మాట కంటే ఎన్నో రెట్లు బలమైనవి. ఆయన ఆ రోజు ఊళ్లోనే ఉన్నట్టు బడి హాజరు పట్టీ చెబుతుంది, కానీ స్కూటర్‌ను తమ్ముడు తీసుకెళ్లలేదని అది చెప్పదు. ఫోను లొకేషన్ కూడా అంతే, ఫోను ఎక్కడుందో చెబుతుంది తప్ప బండి ఎక్కడుందో చెప్పదు. బండి ఆచూకీ చెప్పేవి వేరే: మెకానిక్ షెడ్డులో ఇచ్చిన చీటీ, పార్కింగ్ రసీదు, కారైతే ఫాస్టాగ్ లెక్క, వీధిలోని సీసీ కెమెరా రికార్డు. కెమెరా రికార్డులు కొద్ది రోజులకే చెరిగిపోతుంటాయి, అందుకే చలాన్ చూసిన రోజే వాటిని అడిగి తీసుకోవాలి.

ఫిర్యాదును పోర్టల్లోనే ఇవ్వవచ్చు. చలాన్ నంబరు, చలాన్ ఫొటో, తన బండిని అదే కోణంలో తీసిన ఫొటో, ఆర్సీ కాపీ జతపరిచి, తేడాలను రెండు మూడు వాక్యాల్లో రాస్తే చాలు. ‘చలాన్ ఫొటోలోని బండికి పెయింటు ప్లేటు ఉంది, నా బండికి హై సెక్యూరిటీ ప్లేటు ఉంది, వెనక లైటు ఆకారం వేరు’ అన్నట్టు రాయాలి. చదివే సిబ్బంది రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని నిమిషంలో తేల్చగలగాలి. ఫిర్యాదు నంబరు వస్తే రాసి పెట్టుకోవాలి. పోర్టల్ నుంచి జవాబు రాకపోతే చలాన్‌లో ఏ స్టేషన్ పరిధి అని ఉందో అక్కడి ట్రాఫిక్ అధికారికి ఇవే కాగితాలు చేర్చాలి. నంబరు చదవడంలో పొరపాటు అయితే ఇంతటితో సరిపోతుంది. ఫొటోలో తన నంబరే స్పష్టంగా కనిపిస్తుంటే మాత్రం అది నకిలీ ప్లేటు వ్యవహారం. అప్పుడు చలాన్ రద్దు కోరడంతో పాటు, తన నంబరును మరొకరు వాడుతున్నారని పోలీసు స్టేషన్లో విడిగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి.

రాయితీ ప్రకటించినప్పుడే అసలు చిక్కు. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలాన్లకు రాయితీ ఇచ్చారు. ద్విచక్ర వాహనాలవారు నాలుగో వంతు కడితే చాలన్నారు, కార్లకు సగం. తనవి కాని చలాన్లను కూడా చవగ్గా పోతుందని ఆ ఊపులో కట్టేయాలనిపిస్తుంది. రాయితీతో కట్టినా కట్టినట్టే, ఆ తర్వాత ‘అది నా బండి కాదు’ అనడానికి దారి మూసుకుపోతుంది.

బండి మనదే, కానీ తప్పు జరగలేదనిపిస్తే వాదన వేరుగా ఉంటుంది. కెమెరాలతో వేసే చలాన్లకు 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 167ఏ అనే నియమం చేరింది. దాని ప్రకారం చలాన్‌కు తప్పునూ ప్లేటునూ స్పష్టంగా చూపే ఫొటో, పరికరం కొలిచిన కొలత, తేదీ, సమయం, చోటు, ఏ సెక్షన్ ఉల్లంఘించారన్న వివరం ఉండాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం కోరే ధ్రువపత్రమూ ఉండాలి. కొలిచే పరికరానికి ఏటేటా ఆమోద పత్రం కావాలి. నోటీసు ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లో పంపాలి. అంటే అతివేగం చలాన్‌లో వేగం ఎంతో లేకపోయినా, సిగ్నల్ దాటారన్న చలాన్ ఫొటోలో ఎర్రలైటు కనిపించకపోయినా అడిగే హక్కు ఉంది. అంబులెన్సుకు దారి ఇవ్వడానికో, కానిస్టేబుల్ చెయ్యి ఊపడం వల్లో గీత దాటి ఉంటే ఆ ఒక్క ఫొటో కాక ముందూ వెనకా తీసినవీ, వీడియో ఉంటే అదీ చూపమని కోరవచ్చు. నియమంలో లోపం దొరికినంత మాత్రాన చలాన్ దానంతటదే రద్దు కాదు. దాన్ని అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చెప్పుకోవాలి.

బెంగళూరులోనో ఢిల్లీలోనో ఉద్యోగం చేసే తెలుగువారికి చలాన్ కొన్నాళ్లకు వర్చువల్ కోర్టుకు చేరుతుంది. vcourts.gov.in లో ఆ రాష్ట్రపు కోర్టును ఎంచుకుని బండి నంబరుతో కేసు తెరిస్తే, జరిమానా కట్టడం, కేసుపై పోరాడటం అని రెండు దారులు చూపిస్తుంది. రెండోది నొక్కి ఓటీపీ ఇస్తే కేసు ఆ ప్రాంతపు మామూలు కోర్టుకు వెళ్తుంది. అప్పుడు వాయిదాకు స్వయంగానో వకీలు ద్వారానో హాజరు కావాలి. చిన్న జరిమానా కోసం వేరే ఊరు ప్రయాణం కిట్టుబాటు కాదు గనుక, చలాన్ కోర్టుకు పోకముందే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వడం నయం. చలాన్‌లోనూ నోటీసులోనూ రాసిన గడువు తేదీనే పట్టించుకోవాలి, ఇలాంటి గడువులు సవరణలతో మారుతుంటాయి.

అమ్మేసిన బండి చలాన్లు పాత యజమానికి రావడం మరో తీరు. కొన్నవారు ఆర్సీ తమ పేరున మార్చుకోకపోతే రికార్డులో యజమాని పాతవారే. అమ్మినవారు రాష్ట్రంలోపలైతే 14 రోజుల్లో ఫారం 29 రవాణా కార్యాలయంలో ఇవ్వాలి. ఆ కాగితం, అమ్మకం తేదీ చూపే పత్రం ఉంటే, ఆ తేదీ తర్వాతి చలాన్లను ఎవరు తేల్చుకోవాలో చెప్పడానికి ఆధారం ఉంటుంది. మన బండిని తెలిసినవారు నడిపిన రోజున చలాన్ పడితే దాచిపెట్టే వీలు లేదు. పోలీసులు అడిగినప్పుడు నడిపినవారి పేరు, లైసెన్సు వివరాలు చెప్పడం యజమాని బాధ్యత అని 133వ సెక్షన్ అంటుంది.

పంతులుగారి చలాన్ రద్దయిందని ఫోనులో చెబితే సరిపోదు. పోర్టల్లో బండి నంబరు మళ్లీ కొట్టి, ఆ వరుస పోయిందో లేదో చూసి, ఆ పేజీని తేదీతో సహా దాచుకోవాలి. నకిలీ ప్లేటు బండి ఇంకా దొరకలేదు కాబట్టి కొన్ని నెలలపాటు వారానికోసారి ఆ నంబరు చూసుకోవడం, కొత్త చలాన్ కనబడగానే పాత ఫిర్యాదు రసీదు జతచేసి పంపడం ఆయనకు తప్పని పని.