అమ్మ ఫోనూ, అలమరాలో రౌటరూ

కువైట్‌లో మాకు శుక్రవారం అంటే అమ్మతో వీడియో కాల్. ఇక్కడ మధ్యాహ్నం మూడున్నరకి రాజమండ్రిలో సాయంత్రం ఆరు. పోయిన వేసవిలో వరుసగా మూడు వారాలు మాట మధ్యలోనే తెగిపోయింది. "ఏరా, కోపమొచ్చి పెట్టేశావా?" అంది అమ్మ.

ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేశాను. "లైను బాగానే ఉందండీ" అన్నారు. నేను నమ్మలేదు, కాస్త గట్టిగానే మాట్లాడాను కూడా. అసలు సంగతి పట్టింది మా అమ్మాయి. "నాన్నా, పొద్దున్న ఎప్పుడూ పోదు కదా! ఈ పెట్టె చూడు, పెనంలా ఉంది."

రాత్రి ఆపి పొద్దున్న వేస్తే ఏడెనిమిది గంటలు బాగానే నడిచేది. ఆగాక వెంటనే మళ్ళీ వేస్తే మాత్రం పది నిమిషాలే. అరగంట చల్లారనిస్తే ఎక్కువసేపు నడిచేది. లైను పాడైతే రౌటరు ఎంతసేపు చల్లారిందో దానికేం పట్టింది?

అనుమానం తీరాలని కంప్యూటర్‌ని వైఫైతో కాకుండా కేబుల్‌తో రౌటరుకి కలిపి, రెండు నల్ల కిటికీలు తెరిచి, ఒక్కోదాంట్లో ఒక్కో వరుస కొట్టాను.

```
ping -t 192.168.1.1
ping -t 8.8.8.8
```

మొదటిది మా రౌటరు చిరునామా. మీది వేరైతే పెట్టె అడుగున చీటీ మీద ఉంటుంది. రెండోది బయటి ప్రపంచం. మొదటిది జవాబిస్తూ రెండోది ఒక్కటే ఆగితే, తప్పు చాలావరకు బయటి లైనుదే. మాకు మూడు దాటాక రెండూ ఒకేసారి ఆగాయి. పక్కనే ఉన్న రౌటరే పలకకపోతే కంపెనీవాళ్ళేం చేస్తారు పాపం!

అది ఉన్నది తలుపులు మూసిన టీవీ అలమరాలో, సెట్‌టాప్ బాక్సు నెత్తిన. హాల్లో ఏసీ వేసినా ఆ చల్లదనం అక్కడికి చేరదు. ఇళ్ళలో వాడే రౌటర్లు సాధారణంగా 40 డిగ్రీల దాకా తట్టుకునేలా చేస్తారు. ఆ మూతల వెనక అంతకు మించిపోయినట్టుంది. పైగా ఇక్కడివాళ్ళు 'తోజ్' అనే దుమ్ముగాలి వల్ల గాలి కన్నాలు దూదిలా పూడిపోయాయి.

ప్లగ్గు తీసి, చల్లారాక మెత్తటి పెయింటు బ్రష్షుతో కన్నాలు దులిపాం. కంపెనీ ఇచ్చిన పెట్టె గనక మూత విప్పలేదు. బల్ల మీద నిలబెట్టి, ఒక రోజంతా టేబుల్ ఫ్యాను తిప్పాం. ఆగలేదు. ఫ్యాను తీసేసినా ఆగలేదు.

ఒక్క మెలిక ఉంది. వేడికి రౌటరులో లైను అందుకునే భాగం మాత్రమే మొరాయిస్తే, మొదటి వరుస జవాబిస్తూనే ఉంటుంది, నేరం కంపెనీ మీదికి పోతుంది. అందుకే ఫిర్యాదు చేసేముందు ఫ్యాను పరీక్ష కూడా చేయండి. ఫ్యాను కింద కూడా పెట్టె ఆగుతుంటే అడాప్టరు అలిసిపోయిందేమో, అచ్చం అదే రేటింగు ఉన్న మరొకటి పెట్టి చూడాలి.

తర్వాతి శుక్రవారం అమ్మ గంటంబావు మాట్లాడింది. అందులో అరగంట, కంపెనీవాళ్ళ మీద అరిచినందుకు నాకు చీవాట్లే.