23 శాతం ఒక్క శాతమైన కథ

1981లో అమెరికాలో 'ట్రావెలర్' అనే ఆటకు జాతీయ పోటీ పెట్టారు. ఇచ్చిన బడ్జెట్‌లో కాగితం మీద అంతరిక్ష నౌకాదళాన్ని తయారు చేసుకుని ఎదుటివాళ్లతో యుద్ధం చేయాలి. ఆ ఆటలో అనుభవమే లేని డగ్లస్ లెనాట్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త గెలిచాడు. ఆయన దళాన్ని తయారు చేసింది 'యూరిస్కో' అనే ప్రోగ్రాం. కదలలేనంత నెమ్మదైన, మందపాటి కవచాలున్న ఓడలను గుంపుగా నింపమని అది చెప్పింది. మరుసటి ఏడాది నిబంధనలు మార్చినా మళ్లీ లెనాటే గెలిచాడు.

యూరిస్కో గొప్పతనం ఆటలో లేదు. అది కొన్ని చిట్కా సూత్రాలతో ఆలోచించేది. ఆ సూత్రాలను మార్చే సూత్రాలు కూడా అందులోనే ఉండేవి. అంటే తన ఆలోచనా పద్ధతిని తానే దిద్దుకోగలదు. మరి అలా దిద్దుకుంటూ పోతే?

ఈ ప్రశ్నను 1965లోనే ఇర్వింగ్ జాన్ గుడ్ వేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్లెచ్లీ పార్క్‌లో అలన్ ట్యూరింగ్‌తో కలిసి జర్మన్ల రహస్య సంకేతాలు ఛేదించిన గణితవేత్త ఆయన. ఆయన తర్కం చిన్నది. యంత్రాలను రూపొందించడం కూడా తెలివితో చేసే పనే కదా. మనిషిని మించిన యంత్రం ఒక్కటి పుడితే అది తనకంటే మెరుగైన దాన్ని తయారు చేస్తుంది, అది ఇంకో దాన్ని. దీన్నే ఆయన మేధా విస్ఫోటనం అన్నాడు.

చక్రవడ్డీ తెలిసిన వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక యంత్రం తన వేగాన్ని రెట్టింపు చేసుకోవడానికి 12 నెలలు పట్టిందనుకుందాం. వేగం రెట్టింపైంది కాబట్టి తర్వాతి రెట్టింపుకు 6 నెలలు, ఆపై 3, ఆపై నెలన్నర. ఇలా ఎన్నిసార్లు కూడినా మొత్తం 24 నెలలు దాటదు. రెండేళ్లలోపే ఆకాశం. హఠాత్తుగా దూసుకుపోతుందని నమ్మేవాళ్ల లెక్క ఇదే.

కానీ ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ప్రతి మెట్టూ అంతకుముందు మెట్టంత సులువేనని అనుకున్నాం. తర్వాతి మెట్టు రెండింతలు కష్టమైతే ప్రతిసారీ 12 నెలలే పడుతుంది. మూడింతలు కష్టమైతే 12, 18, 27 నెలలు. అదే యంత్రం, అదే గొలుసు, కానీ నానాటికీ నీరసం. యూరిస్కోకు జరిగింది చివరిదానిలాంటిదే. కొత్త సూత్రాలు దొరకడం తగ్గిపోయింది. పైగా ఒక సూత్రం ఓ దొంగదారి కనిపెట్టింది: ఇతర సూత్రాలు బాగా చేసిన పనికి తన పేరు తగిలించుకుని మార్కులు కొట్టేయడం! ఆఫీసుల్లో ఇలాంటివాళ్లు మనకు కొత్త కాదు. యంత్రం మెరుగవుతోందా, మార్కులు మాత్రమే పెరుగుతున్నాయా అన్న అనుమానం అప్పుడు మొదలైంది, ఇప్పటికీ తీరలేదు.

కష్టం నిజంగా పెరుగుతుందా? చిప్‌ల సాంద్రత ఒకసారి రెట్టింపు కావడానికి 1970ల మొదట్లో కావలసిన పరిశోధకులకంటే ఇప్పుడు 18 రెట్లకు పైగా కావాలని నికొలస్ బ్లూమ్, మరో ముగ్గురు ఆర్థికవేత్తలు 2020లో లెక్కగట్టారు. దీనికి విస్ఫోటనవాదుల దగ్గర గట్టి జవాబే ఉంది. పరిశోధకుడే ప్రోగ్రాం అయితే కొత్తవాణ్ని పెంచి చదివించనక్కర్లేదు, నకలు తీస్తే చాలు. పద్దెనిమిది రెట్లేం, వెయ్యి రెట్లు తీయొచ్చు. ఇది కొట్టిపారేసే మాట కాదు.

అయితే 2025 మే నెలలో గూగుల్ డీప్‌మైండ్ ప్రకటించిన 'ఆల్ఫాఎవాల్వ్' సంగతి చూడండి. జెమిని మోడల్ సాయంతో నడిచే ఈ వ్యవస్థ, అదే జెమినికి శిక్షణ ఇవ్వడంలో వాడే ఒక కీలకమైన కోడ్ ముక్కను 23 శాతం వేగవంతం చేసింది. గుడ్ ఊహించిన చక్రం చిన్నగా తిరిగినట్టే. మొత్తం శిక్షణ సమయం తగ్గింది మాత్రం ఒక్క శాతం. అంటే ఆ ముక్క మొత్తం పనిలో సుమారు ఇరవయ్యో వంతే. దాన్ని పూర్తిగా మాయం చేసినా 5 శాతం మించి మిగలదు. పెళ్లి వంటలో రుబ్బుడు ఎంత తొందరగా ముగించినా అన్నం ఉడకాల్సిందే.

ఇక్కడ అన్నం అంటే చిప్‌లు, కరెంటు, నెలల తరబడి నడిచే శిక్షణ. కొత్త ఉపాయం పనికొస్తుందో లేదో తేలాలంటే ప్రయోగం నడవాలి, దానికి యంత్రాలు ఖాళీ ఉండాలి. వెయ్యిమంది నకలు పరిశోధకులున్నా అదే క్యూలో నిలబడతారు. చిప్‌ల కర్మాగారం కట్టడానికైతే ఏళ్లు పడుతుంది, అది తెలివితో కరిగే కాలం కాదు.

అందుకే రాత్రికి రాత్రి జరిగే పేలుడును నేను నమ్మను. కొన్నేళ్లలో బాగా వేగం పుంజుకోవడాన్ని మాత్రం కాదనలేను. ఉన్న చిప్‌లతోనే పొదుపుగా పని చేయించే ఉపాయాలు ఇంకా ఎన్ని మిగిలున్నాయో ఎవరూ తేల్చలేదు. రేపు ఏ కంపెనీ అయినా తమ మోడల్ తనను తానే మెరుగుపరచుకుందని ప్రకటిస్తే ఎంత శాతం అని మాత్రమే చూడకండి. ఆ శాతం మొత్తం పనిలో ఏ ముక్కకు వర్తిస్తుందో చూడండి. తర్వాతి మెరుగుదలకు ముందుదానికంటే తక్కువ కాలం పట్టిందో లేదో కూడా అడగండి.