థీసిస్‌కు ముందు అడిగే ప్రశ్నలు

పీహెచ్‌డీలో సీటొచ్చిన మర్నాడే పరిశోధన మొదలైపోతుందనుకుంటారు చాలామంది. అలా కాదు పిల్లలూ. ముందు మీకు సబ్జెక్టు వచ్చా అని చూస్తారు. తర్వాత, వచ్చినదాన్ని కలిపి ఆలోచించగలరా అని చూస్తారు. ఆఖరున, మీరు పట్టుకున్న ప్రశ్నకు జవాబు రాబట్టే దారి మీ దగ్గరుందా అని చూస్తారు.

అమెరికాలో సాధారణంగా మొదటిది క్వాలిఫయింగ్ పరీక్ష, రెండోది కాంప్రహెన్సివ్ పరీక్ష. ఇవి దాటి, పరిశోధన ప్రతిపాదన కూడా నెగ్గితే విద్యార్థి ‘క్యాండిడేట్’ అవుతాడు. ఆ హోదానే క్యాండిడసీ అంటారు. పేర్లు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో క్యాండిడసీకి ముందు కమిటీ ఎదుట జరిగే మౌఖిక పరీక్షనే క్వాలిఫయింగ్ అంటారు.

మన ఐఐటీల్లో కాంప్రహెన్సివ్ అన్న మాట వినిపిస్తుంది. మిగతా విశ్వవిద్యాలయాలకు యూజీసీ 2022 నిబంధనలున్నాయి. చేరాక కనీసం 12 క్రెడిట్ల కోర్స్ వర్క్ చేయాలి. అందులో పరిశోధన నైతికత మీద ఒక కోర్సు తప్పనిసరి. కోర్స్ వర్క్‌లో 55 శాతం మార్కులు రాకపోతే ముందుకు సాగనివ్వరు. మన వైపు పెద్దవాళ్లు ప్రీ-పీహెచ్‌డీ పరీక్ష అనేది దీన్నే. ఆ పైన రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ కూర్చుని మీ ప్రతిపాదనను పరిశీలించి, అంశాన్ని ఖాయం చేస్తుంది. క్యాండిడసీ అన్న పేరు లేకపోయినా పని మాత్రం అదే.

ఆ కమిటీ ఎదుట ఏం జరుగుతుందో చూద్దాం. అరకు అమ్మాయి ఒకతి కాఫీ కాయతొలుచు పురుగు మీద పరిశోధన చేస్తానందనుకోండి. ఈ పురుగు మన దేశంలో 1990లో నీలగిరుల్లోని గూడలూరు దగ్గర బయటపడింది. 2025లో అరకు తోటల్లోనూ కనబడింది. ఆడ పురుగు కాయ కొసన సన్నని బొక్క చేసి లోపలికి దూరి, గింజలోనే గుడ్లు పెడుతుంది. “నీడ ఎక్కువున్న తోటలో పురుగు తక్కువుంటుందా?” అన్నది అమ్మాయి ప్రశ్న. నీడ తోటలు రెండు, నీడ పలచగా ఉన్న తోటలు రెండు తీసుకుని, తోటకు 50 చెట్ల చొప్పున 200 చెట్లు చూస్తానంది.

సబ్జెక్టు పరీక్ష అయితే పురుగు జీవితచక్రం అడిగి వదిలేస్తారు. ఇక్కడ అలా వదలరు. “నీ నీడ తోటలు ఎంత ఎత్తులో ఉన్నాయమ్మా?” అంటారు. అవి రెండూ కొండ మీద, మిగతా రెండూ లోయలో ఉన్నాయనుకోండి. కొండ మీద చలి ఎక్కువ, చలికి పురుగు ఎదుగుదల మందగిస్తుంది. అప్పుడు పురుగు తగ్గింది నీడ వల్లా, చలి వల్లా? ఎన్ని లెక్కలు కట్టినా ఆ రెండింటినీ విడదీయలేం. కాబట్టి ఒకే ఎత్తులో పక్కపక్కనున్న నీడ తోట, నీడ పలచగా ఉన్న తోట జతలుగా ఎంచుకోవాలి.

రెండో ప్రశ్న ఇంకా గడుసుది. “నీ నమూనాలు 200 అన్నావు. నిజంగా ఎన్ని?” అమ్మాయి తడబడుతుంది. అసలు జవాబు నాలుగు. ఒకే తోటలోని 50 చెట్లకు ఒకే నేల, ఒకే రైతు, కాయ కోతలో ఒకే అలవాటు. ఒక కుండలోంచి వంద మెతుకులు పట్టి చూసినా ఆ కుండ సంగతే తెలుస్తుంది గానీ వీధిలోని వంటలన్నీ ఉడికాయో లేదో తెలియదు కదా! పోలుస్తున్నది తోటలను, కాబట్టి పెంచాల్సింది తోటల సంఖ్యను. తోటకు 15 చెట్లు చూసినా సరే, తోటలు మాత్రం పాతికో ముప్పయ్యో కావాలి. పర్యావరణ శాస్త్రంలో ఈ పొరపాటు ఎంత మామూలో హర్ల్‌బర్ట్ అనే శాస్త్రవేత్త 1984లో ఒక వ్యాసంలో ఎత్తిచూపాడు.

ఈ రెండు ప్రశ్నలూ థీసిస్ సమర్పించే రోజున ఎదురైతే మూడేళ్ల పని వృథా. ప్రతిపాదన దశలో ఎదురైతే మారేది కాగితం మీది పథకమే. ఆ కమిటీ ఉన్నది అందుకే. అక్కడ “ఇంకోసారి రాసుకుని రా” అన్నారంటే ఫెయిలయినట్టు కాదు. తర్వాత ప్రతి సెమిస్టర్‌లోనూ పని చూస్తారు. బాగాలేకపోతే ఎక్కడ దిద్దుకోవాలో చెబుతారు, అయినా దిద్దుకోకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేయవచ్చు.

కాలపరిమితి కూడా గుర్తుంచుకోండి. కోర్స్ వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆపైన పునర్నమోదుతో మరో రెండేళ్లు దొరకవచ్చు. కాఫీ కాయ ఏడాదికి ఒక్క పంటే. ప్రతిపాదన ఒక కాపు కాలం దాటి ఆలస్యమైతే ఏడాది పోయినట్టే.

అందుకే దరఖాస్తు పెట్టకముందే ఆ విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ నిబంధనలు తెప్పించుకుని చదవండి. పరీక్షకు ఎన్ని అవకాశాలిస్తారు, ప్రతిపాదన ఏ సెమిస్టర్‌లోగా నెగ్గాలి, కమిటీలో ఎవరుంటారు? ఈ మూడూ తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.